కోర్టు దావా శీర్షికలో పేర్లు, అలియాస్, తండ్రి పేరు: ఎలా రాయాలి?

దావా వేసేటప్పుడు అందరి దృష్టీ కథ మీదే ఉంటుంది. అప్పు ఎప్పుడు ఇచ్చారు, నోటు ఎవరు రాశారు, వడ్డీ ఎంత అని. ఆ కథకు పైన ఉండే నాలుగు వరుసలను, అంటే కోర్టుల్లో అందరూ ‘కాజ్ టైటిల్’ అనే శీర్షికను, పాత దావాలో ఉన్నది చూసి దించేస్తారు. కానీ సమన్లు పట్టుకుని వచ్చే అమీనా కథ చదవడు. ఆ నాలుగు వరుసలు చూసే ఇల్లు వెతుకుతాడు. తర్వాత వచ్చే డిక్రీలోనూ, అమలు పిటిషన్‌లోనూ ఉండేది అవే వరుసలు.

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7, రూల్ 1 ప్రకారం ప్లెయింటులో, అంటే దావా పత్రంలో, వాది పేరు, వివరణ, నివాసస్థలం ఉండాలి. ప్రతివాదివి కూడా తెలిసినంత వరకు ఉండాలి. ‘తండ్రి పేరు’ అన్న మాట ఆ నియమంలో లేదు. ‘వివరణ’ అన్న ఒక్క మాట కిందే తండ్రి పేరు, వయసు, వృత్తి అన్నీ వచ్చి చేరాయి. అంటే ఎస్/ఓ వరుస పని మర్యాద కాదు, మనిషిని గుర్తుపట్టించడం. ఇది గుర్తుంటే మిగతా సందేహాలు చాలావరకు వాటంతట అవే తీరతాయి.

ఒక ప్రోనోటు దావా తీసుకుందాం. పేర్లన్నీ ఉదాహరణ కోసం కల్పించినవే. పాలడుగు సీతారామయ్య ముత్యాల వెంకటేశ్వర్లుకు అప్పిచ్చాడు. ఆధార్‌లో అతను ‘ముత్యాల వెంకటేశ్వర్లు’. నోటు కింద చేసిన సంతకం మాత్రం ‘ఎం. వెంకటేశం’. ఊళ్లో ఎవరిని అడిగినా ‘చిన్న వెంకన్న’ అంటారు. చిన్న అని ఎందుకంటే అదే ఇంటిపేరుతో, అదే పేరుతో ఇంకొకడున్నాడు, పెదనాన్న కొడుకు. తాత పేరు మనవళ్లకు పెట్టడం మనకు అలవాటు కదా, అన్నదమ్ములిద్దరూ తమ కొడుకులకు ఒకే పేరు పెట్టుకున్నారు.

మొదట పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి

ఏ కాగితంలో ఏ పేరుందో పక్కపక్కన రాసుకోవాలి. నోటులో ఒకటి, ఆధార్‌లో ఒకటి, ఇచ్చిన లీగల్ నోటీసు మీద ఒకటి, పట్టాదారు పాసుపుస్తకంలో ఇంకొకటి ఉండవచ్చు. ఈ పని చేయకుండా ప్లెయింటు టైపుకు ఇవ్వకండి. పొడి అక్షరాలుంటే విప్పి రాయండి. ‘ఎం’ అంటే ముత్యాల కావచ్చు, మద్దూరి కావచ్చు, ముప్పిడి కావచ్చు.

ఇంటిపేరు ముందు రాయాలా, వెనక రాయాలా అని అడుగుతుంటారు. మన వాడుకలో ఇంటిపేరు ముందుంటుంది, కోర్టుకు అందులో అభ్యంతరం ఏమీ లేదు. ఒకే దావాలో ఒకచోట ముందు, ఒకచోట వెనక రాస్తేనే చిక్కు.

ఏ పేరు ముందు, ఏది అలియాస్?

వాది విషయం తేలిక. ప్లెయింటు కింద సంతకం చేసేది, అఫిడవిట్ ఇచ్చేది, రేపు కోర్టులో జమ అయిన డబ్బు తీసుకోవలసిందీ అతనే. కాబట్టి గుర్తింపు కార్డులో, బ్యాంకు ఖాతాలో ఉన్న పేరే మొదటి పేరు. దావాకు ఆధారమైన కాగితంలో వేరే పేరుంటే అది అలియాస్‌గా వస్తుంది.

ప్రతివాది విషయంలో మనకు ఆధార్ చేతిలో ఉండకపోవచ్చు. అప్పుడు నోటు మీద ఉన్న పేరును మొదట రాయడమే క్షేమం, ఎందుకంటే అది అతను స్వయంగా ఒప్పుకుని సంతకం చేసిన పేరు. అధికారిక పేరు నిశ్చయంగా తెలిస్తే దాన్ని ముందు పెట్టి, నోటులోని పేరును అలియాస్ చేయవచ్చు. మన ఉదాహరణలో నేనైతే రెండోదే చేస్తాను. డిక్రీ వచ్చాక అతని జీతమో, ఖాతానో, భూమో జప్తు చేయించాలంటే అక్కడి రికార్డుల్లో ఉండేది అధికారిక పేరే.

అలియాస్‌ను మాటగా రాయవచ్చు, ‘@’ గుర్తుగానూ రాయవచ్చు. పోలీసు కాగితాల్లోనూ కోర్టు కాగితాల్లోనూ ఈ గుర్తు బాగా అలవాటైనదే. అయితే ఊరు పిలిచే పేర్లన్నీ ఎక్కించకూడదు. ఏదైనా కాగితంలో ఉన్న పేరు, లేదా అది లేకపోతే మనిషి దొరకడన్నంత ముఖ్యమైన పిలుపు మాత్రమే అలియాస్‌కు అర్హం. ‘చిన్న వెంకన్న’ ఆ కొలతకు సరిపోతుంది, ఎందుకంటే ఊళ్లో పెద్ద వెంకన్న కూడా ఉన్నాడు. వేళాకోళపు పేర్లు వద్దు. ఒక అక్షరం తేడా ఉన్నంత మాత్రాన (సుబ్బారావు, సుబ్బరావు) అలియాస్ పెట్టడం నాకు నచ్చదు. ఆ తేడాను ప్లెయింటు లోపల ఒక వాక్యంలో చెబితే చాలు.

శీర్షికలో అలియాస్ రాసినంత మాత్రాన అది రుజువైనట్టు కాదు. ‘ప్రతివాది వెంకటేశం అని కూడా సంతకం చేస్తాడు, నోటు మీద సంతకం అతనిదే’ అని ప్లెయింటులో రాయాలి. అతను కాదంటే సాక్ష్యంతో నిరూపించాలి.

అలియాస్ ఎక్కడ కూర్చోవాలి

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఈ వరుస చూడండి:

```
ముత్యాల వెంకటేశ్వర్లు ఎస్/ఓ ఎల్లయ్య @ వెంకటేశం
```

ఇందులో వెంకటేశం ఎవరు? రాసినవారి మనసులో కొడుకు. చదివేవారికి మాత్రం తండ్రి, ఎల్లయ్యకే వెంకటేశం అని మరో పేరున్నట్టు. నోటు మీద సంతకం తండ్రిది, కొడుకుది కాదు అని వాదించడానికి ప్రతివాది వకీలుకు ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. అలియాస్ ఎవరిదో వారి పేరును అంటుకునే ఉండాలి. దాని తర్వాత కామా పెట్టి, అప్పుడు ఎస్/ఓ మొదలుపెట్టాలి. తండ్రికి కూడా రెండు పేర్లుంటే అతని అలియాస్ అతని పేరు పక్కనే వస్తుంది. సరైన రూపం ఇలా ఉంటుంది:

```
ఓ.ఎస్. నెం.        / 2025

మధ్య:
పాలడుగు సీతారామయ్య,
ఎస్/ఓ. లేట్ నరసయ్య, వయస్సు 58 సం.లు,
వృత్తి: వ్యవసాయం, నివాసం: (ఇంటి నెం., గ్రామం, మండలం, జిల్లా)
                                        ... వాది
మరియు

ముత్యాల వెంకటేశ్వర్లు @ వెంకటేశం @ చిన్న వెంకన్న,
ఎస్/ఓ. ఎల్లయ్య, వయస్సు సుమారు 41 సం.లు,
వృత్తి: వ్యాపారం, నివాసం: (ఇంటి నెం., గ్రామం, మండలం, జిల్లా)
                                        ... ప్రతివాది
```

‘లేట్’ అన్న మాట ఎవరి పేరు ముందుంటే వారే చనిపోయినట్టు. అది ఎస్/ఓ తర్వాత, తండ్రి పేరుకు ముందు రావాలి. ఎస్/ఓ కంటే ముందుకు జరిగితే బతికున్న ప్రతివాదినే చంపినట్టవుతుంది.

తండ్రి పేరు వరుస

పెదనాన్న కొడుకు నుంచి మన ప్రతివాదిని వేరు చేసేది ‘ఎల్లయ్య’ అన్న ఒక్క మాటే. అందుకే తెలియకపోతే ఊహించి రాయకూడదు. నోటులోనే సాధారణంగా తండ్రి పేరు ఉంటుంది, అది చూసి రాయండి. ఎంత వెతికినా దొరక్కపోతే తండ్రి పేరు తెలియదని ప్లెయింటులో చెప్పి, వయసు, వృత్తి, ఇంటి నంబరు గట్టిగా రాయడం మేలు. చట్టమే ‘తెలిసినంత వరకు’ అంటోంది.

పెళ్లయిన స్త్రీకి డబ్ల్యూ/ఓ తప్పనిసరి అన్న నమ్మకం గట్టిగా ఉంది. పుట్టింటి ఆస్తిలో భాగం అడిగే కూతురికి డి/ఓ అని తండ్రి పేరు రాయడమే సబబు, ఆమె హక్కు వచ్చేది అక్కడి నుంచే. కావాలంటే రెండూ రాయవచ్చు. మైనరు అయితే తండ్రి పేరు ఒక్కటే చాలదు. మైనరు అని చెప్పి, వాదిగా ఉంటే ఎవరి ద్వారా దావా వేస్తున్నాడో, ప్రతివాదిగా ఉంటే గార్డియన్ ఎవరో రాయాలి.

పాత దస్తావేజులు చూసి దించేటప్పుడు కులం పేరు కూడా వచ్చేస్తుంటుంది. కక్షిదారుల కులం, మతం కేసు కాగితాల్లో రాయవద్దని 2024 జనవరిలో సుప్రీంకోర్టు అన్ని కోర్టులనూ ఆదేశించింది. ఆ మాట కొట్టేయండి.

తప్పు దొర్లితే

ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. పేరు తప్పా, మనిషే తప్పా? ఎల్లయ్య బదులు మల్లయ్య అని పడింది, సమన్లు మాత్రం అసలు మనిషికే అందాయి, అతను వచ్చి వకాలత్ కూడా వేశాడు. ఇది పేరు తప్పు. ఆర్డర్ 6, రూల్ 17 కింద సవరణ అడగవచ్చు. కోర్టు అనుమతించాక గడువు ప్రత్యేకంగా చెప్పకపోతే 14 రోజుల్లోగా సవరణ చేయాలి. చాలామంది ఉత్తర్వు వచ్చిందని సంతోషపడి ఈ పని మరిచిపోతారు, చివరికి డిక్రీ పాత పేరుతోనే వస్తుంది.

సమన్లు పెద్ద వెంకన్నకు అంది, అతను ‘ఈ నోటుతో నాకు సంబంధం లేదు’ అని జవాబు దాఖలు చేశాడనుకోండి. ఇప్పుడు అసలు మనిషిని కొత్తగా చేర్చాలి. కొత్తగా చేర్చిన ప్రతివాది మీద దావా చేర్చిన రోజునే వేసినట్టు లెక్క, లిమిటేషన్ చట్టం సెక్షన్ 21 చెప్పేది ఇదే. సదుద్దేశంతో జరిగిన పొరపాటని కోర్టును ఒప్పించగలిగితేనే వెనకటి తేదీ దక్కుతుంది. ప్రోనోటుకు ఉన్నది 3 సంవత్సరాల గడువు. చివరి వారంలో దావా వేసినవారికి ఈ తేడా ఎంత ఖరీదైనదో వేరే చెప్పనక్కర్లేదు.

దావా నడుస్తుండగా ప్రతివాది చనిపోతే అతని పేరు తీసేయరు. పక్కన ‘మరణించారు’ అని రాసి, వారసులను తర్వాతి నంబర్లతో చేర్చి, ఐ.ఏ. అనే మధ్యంతర దరఖాస్తు ఏదో, అందులో ఏ తేదీ ఉత్తర్వుతో చేర్చారో కింద బ్రాకెట్లో రాస్తారు. ఆ వారసులకు ఎస్/ఓ, డబ్ల్యూ/ఓ వరుసలు మళ్లీ మొదటి నుంచి కావాలి. వారసులను చేర్చే దరఖాస్తుకు గడువు 90 రోజులు.

దాఖలుకు ముందు

ప్లెయింటు, వకాలత్, అఫిడవిట్, సమన్ల ఫారాలు నాలుగూ పక్కపక్కన పెట్టి, పేర్ల వరుసలు మాత్రమే చదవండి, వీలైతే ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు చూడాలి. వకాలత్‌లో ఇనీషియల్, ప్లెయింటులో పూర్తి పేరు ఉండటం రోజూ కనిపించే పొరపాటు. నంబరు వచ్చాక ఈ-కోర్ట్స్ సైట్లో పార్టీ పేరుతో వెతికి చూడండి. పేరులో కనీసం మూడు అక్షరాలు, సంవత్సరం ఇస్తే చాలు. అక్కడి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కిస్తారు కాబట్టి వెంకటేశ్వర్లు అన్నదాన్ని ఏ స్పెల్లింగుతో ఎక్కించారో అప్పుడే తెలుస్తుంది. మీరు వెతికిన స్పెల్లింగుకు కేసు దొరక్కపోతే కాగితంలో ఎక్కడ తేడా వచ్చిందో చూసుకుని, సమన్లు బయటికి వెళ్లకముందే కోర్టు ఆఫీసు సెక్షన్‌లో చెప్పి సరిచేయించుకోండి.