స్మార్ట్ ప్లగ్‌లో టాస్మోటా ఫర్మ్‌వేర్ ఎక్కించే ముందు: ల్యాప్‌టాప్ వైర్లు, గోడ కరెంటు ఒకేసారి వద్దు

ల్యాప్‌టాప్ నుంచి వచ్చే సీరియల్ వైర్లు బోర్డుకి తగిలి ఉన్నంతసేపు ప్లగ్ గోడ సాకెట్‌లో ఉండకూడదు, స్విచ్ ఆఫ్ చేసి ఉన్నా సరే. ఈ చౌక ప్లగ్‌లలో చాలావాటికి మెయిన్స్ నుంచి విడదీసే ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, అందుకని బోర్డు మీద GND అని రాసి ఉన్న పాయింటు కూడా 230 వోల్టుల లైన్‌కే కలిసి ఉంటుంది. సాకెట్ స్విచ్ ఒక్క తీగనే తెంపుతుంది. మన ఇళ్లలో ఫేజ్, న్యూట్రల్ తారుమారు చేసి బిగించిన సాకెట్లు కొత్తేమీ కాదు. అలాంటి చోట స్విచ్ ఆపినా ఫేజ్ లోపలికి వస్తూనే ఉంటుంది, అది యూఎస్‌బీ దాకా వస్తే ల్యాప్‌టాప్ పోతుంది, చెయ్యి తగిలితే మనిషికే ప్రమాదం. వాడుతున్న ప్లగ్ అయితే పీకిన వెంటనే విప్పకండి, కెపాసిటర్లో ఛార్జ్ దిగడానికి కాసేపు వదిలేయండి.

విప్పాక లోపలి చిప్ చూడండి. ఈఎస్‌పీ8266 గానీ ఈఎస్‌పీ8285 గానీ అయితేనే ముందుకు వెళ్లండి. బీకే7231 ఉంటే టాస్మోటా ఎక్కదు. (అట్ట మీది ఫొటో ఒకటే ఉన్నా లోపల చిప్ మారిపోవడం మామూలే.)

వోల్టేజీ 3.3 మాత్రమే. యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ మీద జంపర్ 5 వైపు ఉందేమో మీటర్‌తో కొలిచి చూశాకే తగిలించండి. నా 16 ఆంపియర్ల ప్లగ్‌లో ఫ్లాషింగ్ చక్కగా అయిపోయింది, కానీ వైఫై పేరు ఫోన్‌లో కనబడి మాయమవుతోంది, మళ్లీ వస్తోంది. ఫైల్ పాడైందనుకుని మూడుసార్లు ఎక్కించాను. తీరా చూస్తే అడాప్టర్‌లోని ఎఫ్‌టీ232 చిప్ 3.3 పిన్ నుంచి 50 మిల్లీఆంపియర్లే ఇస్తుంది, ఈఎస్‌పీకి వైఫై మొదలయ్యే క్షణంలో అంతకు చాలా ఎక్కువ కావాలి, దాంతో రీస్టార్ట్ అయిపోతోంది. వేరే 3.3 వోల్టుల రెగ్యులేటర్ పెట్టి గ్రౌండ్లు కలిపాక తగ్గింది.

చిప్ GPIO0 పిన్‌ని గ్రౌండ్‌కి పట్టుకుని ఉండగానే పవర్ ఇవ్వాలి, ఇచ్చాక పట్టుకుంటే పనికిరాదు. అడాప్టర్ RXని బోర్డు TXకి, అడాప్టర్ TXని బోర్డు RXకి కలపాలి. పాత ఫర్మ్‌వేర్‌ని ముందు దాచుకోండి, 1 ఎంబీ ఫ్లాష్ అయితే ఇలా:

```
esptool.py --port COM3 read_flash 0x0 0x100000 pata.bin
```

ఇది పూర్తయ్యాక పవర్ తీసి, GPIO0 పట్టుకుని మళ్లీ ఇస్తేనే టాస్మోటా రాయడానికి ఒప్పుకుంటుంది. రాయడమయ్యాక వైర్లన్నీ విప్పి, మూత పూర్తిగా బిగించి, అప్పుడే సాకెట్‌లో పెట్టండి. మిగతా సెట్టింగులు వైఫై మీదే చేసుకోవచ్చు. ఏ పిన్‌కి ఏ పనో చెప్పే టెంప్లేట్ తప్పయితే బటన్ నొక్కినా రిలే టక్‌మనదు, లేదా దానంతటదే ఆన్ అయిపోతుంది. అందుకే మొదటి పరీక్ష బల్బుతో చేయండి, గీజర్‌తో కాదు. బల్బు మాట వినడం మొదలెట్టాక, కరెంటు పోయి వచ్చినా గీజర్ దానంతటదే ఆన్ కాకుండా కన్సోల్‌లో `PowerOnState 0` కొట్టండి.