ఆఫీసు కిరాయి 18,000 అడిగితే 15,000కు కుదిరింది: నా అనుభవం

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మొదటి అంతస్తులో మాది అకౌంట్స్ ఆఫీసు. కిరాయి 14,000. రెన్యువల్‌కు నెల ముందు ఓనర్ ఫోన్ చేసి 18,000 అన్నరు. బతిమిలాడిన, తెలిసినోళ్లతో చెప్పించిన, ఖాళీ చేస్తనని కూడా అన్న. మాట పెరిగింది తప్ప పని కాలే.

చివరికి పాత అగ్రిమెంట్ తీసి చదివిన. రెన్యువల్ చేస్తే 5 శాతం పెంపు అని అందులోనే ఉంది, అంటే 14,700. ఆ పేజీ ఫోటో ముందు పెట్టి, కింద వాట్సాప్‌ల ఇట్ల రాసిన:

"సార్ నమస్తే. మూడేండ్లుగా 5వ తారీఖు దాటకుండా కిరాయి కడుతున్న. అగ్రిమెంట్ ప్రకారం 14,700 అవుతది. మీ ఖర్చులు పెరిగినయని 15,000 ఇస్త. 18,000 నాతో కాదు సార్. 20వ తారీఖు లోపు చెప్తే కొత్త కాగితం రాయించుకుందాం."

ముందు "15,000 వరకు చూస్త" అని రాసి, చెరిపేసిన. "వరకు" అంటే ఇంకా బేరం ఉందనుకుంటరు. మూడో రోజు "సరే, మెట్ల లైటు మీరే చూసుకోండి" అని జవాబొచ్చింది. బల్బే కదా, ఒప్పుకున్న.

అగ్రిమెంట్‌ల పెంపు శాతం లేకుంటే ఇది ఇంత తేలిగ్గ కాకపోవచ్చు. మా పక్క మడిగె ఖాళీగుండుడు కూడా నాకు కలిసొచ్చిందేమో.