బిల్లు చేతికొచ్చే డబ్బుగా – 4వ పాఠం: నిలిపి ఉంచిన 20 శాతం ఎక్కడికి పోతుంది?

గత పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో చాలామంది ఒకే చోట తడబడ్డారు. మీ బిల్లును కొని, గడువుకు ముందే డబ్బిచ్చే ఫ్యాక్టరింగ్ సంస్థ 80 శాతం ముందుగా ఇస్తుందన్నాను కనుక మిగిలిన 20 శాతం దాని కమీషన్ అని రాశారు. కాదు. అది మీ డబ్బే. కొనుగోలుదారు చెల్లించాక, ఖర్చులు పోను మీకు తిరిగి వస్తుంది.

బాలానగర్‌లో లేత్ పనిచేసే ఒక చిన్న యూనిట్ పంపుల కంపెనీకి షాఫ్టులు సరఫరా చేసి, 10 లక్షల బిల్లు వేసిందనుకుందాం. మర్నాడే ఫ్యాక్టరింగ్ సంస్థ 8 లక్షలు ఇచ్చింది. వడ్డీ ఏడాదికి 15 శాతం, సేవా రుసుము బిల్లు మొత్తంపై ఒక శాతం. పంపుల కంపెనీ నుంచి డబ్బు 73 రోజులకు వచ్చింది. (73 రోజులంటే ఏడాదిలో సరిగ్గా ఐదో వంతు. లెక్కలు నేర్పేటప్పుడు నాకు ఇష్టమైన గడువు ఇదే.) వడ్డీ 8 లక్షల మీదే కనుక 24,000, రుసుము 10 లక్షల మీద కనుక 10,000. నిలిపి ఉంచిన 2 లక్షల్లోంచి ఈ 34,000 పోను 1,66,000 చేతికొస్తుంది. చేతికందిన 8 లక్షలకు 34,000 ఖర్చంటే ఏడాదికి 21 శాతం పైనే. బ్యాంకు వడ్డీతో పోల్చవలసింది ఈ అంకెను, 15ను కాదు.

ఇప్పుడు నాకు ఎప్పుడూ కోపం తెప్పించే ఉచ్చు. కొనుగోలుదారు చెల్లించకపోతే, ఇచ్చిన డబ్బును సంస్థ మీ దగ్గర తిరిగి రాబట్టుకునే హక్కే రికోర్సు. "రికోర్సు లేని ఒప్పందం, ఇక నాకు బాధ్యత లేదు" అని సంతకం చేసేస్తారు. కొనుగోలుదారు దివాలా తీసి చెల్లించలేకపోతే ఆ నష్టం ఫ్యాక్టరింగ్ సంస్థదన్న మాట నిజమే. కానీ సరుకు బాగాలేదని కొనుగోలుదారు బిల్లులో కోత వేస్తూ డెబిట్ నోట్ పంపితే ఆ నష్టం మీదే. షాఫ్టుల వ్యాసం తేడాగా ఉందని పంపుల కంపెనీ 60,000 కోసిందనుకోండి, మీకు తిరిగి వచ్చేది 1,06,000 మాత్రమే. 2,20,000 కోస్తే? కంపెనీ చెల్లించేది 7,80,000. సంస్థకు రావలసింది 8,34,000. ఆ 54,000 మీరే ఎదురు కట్టాలి. రుణం ఎగ్గొట్టడం వేరు, సరుకుపై వివాదం వేరు. ఒప్పందంలో "వివాదం" అన్న మాటను ఎలా నిర్వచించారో చదవకుండా సంతకం చేయకండి.

అందుకే సరుకు తనిఖీ అయి, అందినట్లు కొనుగోలుదారు రసీదు ఇచ్చాకే బిల్లును అమ్మాలని నా పట్టుదల. నాలుగు రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదు. చిన్న పరిశ్రమల బిల్లులపై ఆన్‌లైన్‌లో ముందుగా డబ్బు దొరికే ట్రెడ్స్ వేదికల్లో కొనుగోలుదారు బిల్లును అంగీకరించాకే ఫైనాన్సింగ్ జరుగుతుంది, చిన్న పరిశ్రమపై రికోర్సు ఉండదు. మీ కొనుగోలుదారు అక్కడ నమోదై ఉంటే ముందు అదే చూడండి.

అభ్యాసం: గత ఏడాది ప్రతి కొనుగోలుదారు బిల్లులన్నీ తీయండి. గడువు దాటి ఎన్ని రోజులు పట్టింది, డెబిట్ నోట్లు బిల్లు మొత్తంలో ఎంత శాతం, రెండూ లెక్కించండి. డెబిట్ నోట్లు 5 శాతం దాటిన కొనుగోలుదారు బిల్లును పక్కన పెట్టి, మిగిలిన వాటికి పైన చేసినట్లే ఏడాది ఖర్చు కట్టి పంపండి.