మేత కంపెనీకి కంప్లయింట్ మెయిల్ కొట్టే ముందు

మా భీమవరం వైపు రొయ్యల మేత బస్తాలు తడిసి దిగాయంటే కోపంలో పెద్ద మెయిల్ రాసేస్తాం, అవతలివాళ్లేమో "చూస్తామండి" అని ఊరుకుంటారు. పంపే ముందు ప్రతి వాక్యం దగ్గరా ఆగి, దీనికి బిల్లో ఫొటోనో ఉందా అని చూడండి, లేకపోతే కొట్టేయండి. "ఎప్పుడూ ఇంతే", "మోసం" లాంటివన్నీ అక్కడే పోతాయి (చదువుతుంటే బాగానే ఉంటాయి, అది వేరే సంగతి). "చాలా బస్తాలు పాడయ్యాయి" అన్నచోట ఇలా మార్చండి: "12వ తేదీన ఫలానా నంబరు ఇన్‌వాయిస్ మీద వచ్చిన 40 బస్తాల్లో 6 బస్తాలు అడుగున తడిసి, లోపల మేత బూజు పట్టి ఉంది. లాట్ నంబరు ఇది, ఫొటోలు జతచేశాం." చివర అడిగేది ఒక్కటే ఉండాలి: "శుక్రవారం సాయంత్రంలోగా ఆ 6 బస్తాలు మార్చి పంపాలి." "వీలైతే", "కాస్త త్వరగా" తీసేయండి.

అయితే దించుకునేటప్పుడే చలానా మీద తడి సంగతి రాసి డ్రైవర్ సంతకం తీసుకోకపోతే, మీ షెడ్డులోనే తడిసిందంటారు, అప్పుడు మెయిల్ ఎంత బాగా రాసినా నిలబడదు. మేత వల్లే రొయ్య చచ్చిపోయిందని మాత్రం ల్యాబ్ రిపోర్టు లేకుండా రాయకండి.