కీమోలో నోటిపూత, వికారం: అమ్మకు పనిచేసిన క్రమం

చెన్నైలో అమ్మకు రెండో విడత కీమో తర్వాత నోరంతా పూసింది, అన్నం వాసనకే వికారం. ఘాటైన మౌత్‌వాష్, నిమ్మరసం, వేడి చారు మంటను పెంచాయి.

చివరికి నర్సు చెప్పిన క్రమమే పనిచేసింది. వికారం మాత్రను డాక్టరు రాసినట్టే తిండికి అరగంట ముందు ఇచ్చాం. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి, తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు పుక్కిలించి ఉమ్మించాం. రోజూ కొత్తగా కలపాలి. బేకింగ్ పౌడర్ వేరు, అది వద్దు. బ్రష్ మెత్తనిది. ఆ తర్వాత రెండు మూడు గంటలకోసారి నాలుగైదు ముద్దలే: చల్లని పెరుగన్నం, పాలలో నానిన ఇడియాప్పం. చల్లగా ఉంటే వాసన తక్కువ, అందుకే కడుపులో నిలిచిందనుకుంటాను.

మందును బట్టి పూత తీవ్రత మారుతుంది, అందరికీ ఇదే చాలకపోవచ్చు. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) చేరితే పారాసిటమాల్ వేయకముందే, అర్ధరాత్రైనా చికిత్స బృందానికి ఫోను చేయాలి. నీళ్లు మింగలేకపోయినా, వాంతులు ఆగకపోయినా, నోట్లో తెల్లమచ్చలు, రక్తం కనిపించినా అంతే.