ఒంటరి ఆటలో పేకను అడుగుదాకా తియ్యకండి

పలాస జీడిపిక్కల వ్యాపారం మీద ఒక బోర్డు గేమ్ తయారు చేసుకుంటున్నాను. విజయనగరంలో రాత్రి పదింటికి ఆడేందుకు ఎవరు దొరుకుతారు? అందుకే అవతలి షావుకారి ఎత్తులన్నీ 12 కార్డుల్లో పెట్టాను. ఆరింటికి ఒక్కో పాయింటు, నాలుగింటికి రెండేసి, రెండింటికి ఐదేసి.

మొదట్లో 12 కార్డులూ తీసేవాణ్ణి. షావుకారికి ప్రతిసారీ సరిగ్గా 24 పాయింట్లే వచ్చేవి. పైగా ఐదు పాయింట్ల కార్డులు రెండూ వెళ్లిపోయాక నాకు టెన్షనే లేదు. ఇప్పుడు ఆటకు 8 కార్డులే తీస్తాను, మిగతా 4 చూడకుండా పక్కన పెట్టేస్తాను. సగటున 16 వస్తాయి, కానీ ఒకరోజు 10, ఇంకోరోజు 20 కూడా రావచ్చు. ఏ కార్డు మిగిలిందో చివరిదాకా తెలియదు.

ఇంకోటి. "చవకైన బస్తా కొను" అని కార్డులో రాశాను. రెండు బస్తాలు ఒకే ధరకు ఉంటే? నాకు అక్కర్లేనిదాన్నే వాడికి అంటగట్టేవాణ్ణి, తెలియకుండానే. అందుకని ప్రతి కార్డు మూల ఒక బాణం గీశాను. ధర సమానమైతే బాణం చూపించిన వైపు బస్తానే వాడిది.