ఇంటి పంపుకు సొంత కంట్రోల్ బాక్సు – 4వ పాఠం: ఎర్తింగ్, ఆర్‌సీసీబీ

గత పాఠం ముగిసేసరికి ఇనుప రేకు పెట్టెలో కాంటాక్టరు, ఓవర్‌లోడ్ రిలే, టైమరు డిన్ రైలు మీద కూర్చున్నాయి. లోపలి వైరింగ్ కూడా పూర్తయింది. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోనోబ్లాక్ పంపును నడపడానికి ఆ పెట్టె సిద్ధంగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ఇంకా కరెంటు ఇవ్వకండి. లోపల ఏదో ఒక ఫేజ్ వైరు ఊడి పెట్టె రేకుకు తగిలితే ఏం జరుగుతుందో ముందు లెక్క వేద్దాం. ఈ పాఠంలో చేసే పనులన్నీ ఆ లెక్కను బట్టే ఉంటాయి.

మీ ఇంటి ఎర్తింగ్ గుంత నిరోధం 20 ఓమ్‌లు, వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ నిరోధం 3 ఓమ్‌లు అనుకోండి. ఫేజ్ పెట్టెకు తగలగానే కరెంటు పెట్టె నుంచి ఎర్త్ వైరులోకి, అక్కడి నుంచి నేలలోకి, నేల గుండా ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరుతుంది. దారి మొత్తం నిరోధం 23 ఓమ్‌లు. 230 ÷ 23 = 10 ఆంపియర్లు. మీరు పెట్టిన ఎంసీబీ 10 ఆంపియర్లది, సీ రకం. అది వెంటనే పడిపోవాలంటే కనీసం 50 ఆంపియర్లు కావాలి. 10 ఆంపియర్లు దానికి మామూలు లోడే కాబట్టి అది ఎంతసేపైనా కదలదు. ఆ సమయమంతా పెట్టె మీద వోల్టేజీ 10 × 20, అంటే 200 వోల్టులు. ఎర్తింగ్ చక్కగా ఉన్నా, ఎంసీబీ కొత్తదైనా, తడి నేల మీద నిలబడి పెట్టె తలుపు పట్టుకున్నవాళ్లకు షాక్ కొడుతుంది.

ఆర్‌సీసీబీ అవసరం ఇక్కడే వస్తుంది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానమా కాదా అన్నదే అది చూస్తుంది. తేడా 30 మిల్లీఆంపియర్లు దాటితే 300 మిల్లీసెకన్లలోపు, దానికి అయిదు రెట్లు దాటితే 40 మిల్లీసెకన్లలోపు పడిపోవాలి. పై లెక్కలో నేలలోకి పోయేది 10 ఆంపియర్లు కనుక క్షణంలో పడిపోతుంది. ఎండాకాలంలో గుంత ఎండి నిరోధం 100 ఓమ్‌లకు పెరిగినా రెండు ఆంపియర్లకు పైగా పారుతుంది. దానికి అది చాలా ఎక్కువ.

అలాగని ఎర్త్ వైరు లేకుండా ఆర్‌సీసీబీ ఒక్కటే పెడితే సరిపోదు. అప్పుడు ఫేజ్ పెట్టెకు తగిలినా కరెంటుకు నేలలోకి పోయే దారి ఉండదు కాబట్టి తేడా రాదు, ఆర్‌సీసీబీ పడదు. ఎవరో పెట్టెను ముట్టుకున్నప్పుడే దారి ఏర్పడుతుంది. మనిషి ఒంటి నిరోధం సుమారుగా 1000 ఓమ్‌లు అనుకుంటే 230 మిల్లీఆంపియర్లు ఒంట్లోంచి పారాక గానీ అది పడదు. ఆర్‌సీసీబీ షాక్ ఎంతసేపన్నది తగ్గిస్తుంది, ఎంత గట్టిగా అన్నది తగ్గించదు. ఎర్త్ వైరు ఉంటే తప్పు జరిగిన క్షణంలోనే, మనిషి చెయ్యి పెట్టకముందే సరఫరా ఆగిపోతుంది.

ఇప్పుడు ఎక్కువమంది పొరబడే చోటు. ఆర్‌సీసీబీని తెచ్చి ఇనుప పెట్టెలోనే, కాంటాక్టరు పక్కన బిగిస్తారు. చూడ్డానికి పొందికగానే ఉంటుంది. కానీ ఆర్‌సీసీబీకి తన తర్వాతి వైర్లే కనిపిస్తాయి. బయటి నుంచి వచ్చిన ఫేజ్ వైరు ఆర్‌సీసీబీ పై టెర్మినల్‌లో వదులై, ఊడి రేకుకు తగిలిందనుకోండి. ఆ కరెంటు ఆర్‌సీసీబీ గుండా వెళ్లనే లేదు. తొలి లెక్కలోని 200 వోల్టులు మళ్లీ పెట్టె మీదికి వచ్చినట్టే.

కాబట్టి ఆర్‌సీసీబీని ఇనుప పెట్టెకు ముందు పెట్టండి. గోడ మీద నాలుగు మాడ్యూళ్ల ప్లాస్టిక్ ఎన్‌క్లోజర్ చాలు. రెండు మాడ్యూళ్లలో 10 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ, మిగతా రెండింటిలో 25 ఆంపియర్ల, 30 మిల్లీఆంపియర్ల డబుల్ పోల్ ఆర్‌సీసీబీ సరిపోతాయి. కరెంటు ముందు ఎంసీబీలోకి, తర్వాత ఆర్‌సీసీబీలోకి, ఆ తర్వాత మూడు కోర్ల కేబుల్‌లో ఇనుప పెట్టెలోకి వెళ్లాలి. ఓవర్‌లోడ్‌కూ షార్ట్ సర్క్యూట్‌కూ ఆర్‌సీసీబీ స్పందించదు కాబట్టి ఎంసీబీని తీసేయకూడదు. టైమరు లాంటి ఎలక్ట్రానిక్ పరికరాలు ఉన్నాయి కనుక ‘AC’ రకం బదులు ‘A’ రకం ఆర్‌సీసీబీ తీసుకోవడం మేలు. మెయిన్ బోర్డు నుంచి ఈ ఎన్‌క్లోజర్‌కు లైను మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే ఇప్పించండి.

ఇక ఎర్త్ బోల్టు. పెట్టెలో కేబుల్ లోపలికి వచ్చే చోటుకు దగ్గరగా ఎం6 బోల్టుకు రంధ్రం చేయండి. ఈ బోల్టు ఎర్త్ కోసమే ఉండాలి. కాంటాక్టరు ప్లేటునో మరొకదాన్నో బిగించిన బోల్టుకే ఎర్త్ తగిలిస్తే, రేపు ప్లేటు విప్పిన రోజు ఎర్త్ కూడా పోతుంది. రంధ్రం చుట్టూ రూపాయి బిళ్లంత మేర రంగును లోహం మెరిసేదాకా గీకేయండి. పౌడర్ కోటింగ్ మంచి ఇన్సులేషన్. దాని మీద ఎంత గట్టిగా బిగించినా కరెంటుకు దారి నమ్మకంగా దొరకదు. బోల్టును బయటి నుంచి దూర్చి, లోపల పళ్ల వాషరు వేసి, ఒక నట్టుతో గట్టిగా బిగించండి. ఈ మొదటి నట్టు బోల్టును రేకుకు కట్టి ఉంచడానికే. దాని మీద రింగ్ లగ్గులు, మామూలు వాషరు, స్ప్రింగ్ వాషరు, రెండో నట్టు వస్తాయి. ఇలా చేస్తే వైరు కలపడానికి పై నట్టు విప్పినప్పుడు కింది బిగింపు కదలదు. పని అయ్యాక గీకిన చోట తుప్పు పట్టకుండా కాస్త పెట్రోలియం జెల్లీ రాయండి.

ఆ బోల్టు దగ్గరికి నాలుగు వైర్లు వస్తాయి: సరఫరా ఎర్త్, మోటారుకు వెళ్లే ఎర్త్, తలుపు ఎర్త్, డిన్ రైలు ఉన్న ప్లేటు ఎర్త్. నాలుగూ ఆకుపచ్చ–పసుపు చారల 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్లే. ఒక్కో వైరుకు ఒక్కో లగ్గు, క్రింపింగ్ టూల్‌తో నొక్కినది. రెండు వైర్లు మెలిపెట్టి ఒకే లగ్గులో దూర్చినా, పటకారుతో నొక్కి వదిలేసినా కొన్నాళ్లకు వదులవుతుంది. తలుపుకు బందులున్నాయి కదా అని వదిలేయకండి. బందుల మధ్య రంగు, తుప్పు, గ్రీజు ఉంటాయి. తలుపు మీదే స్విచ్చులూ ఇండికేటర్లూ ఉన్నాయి కాబట్టి ఫేజ్ తగిలే అవకాశం దానికే ఎక్కువ. దాని ఎర్త్‌కు మెత్తటి మల్టీస్ట్రాండ్ వైరు వాడండి. కేబుల్ వచ్చే రంధ్రానికి పీజీ 13.5 గ్లాండు వేయండి. లోపల ఎర్త్ వైరును ఫేజ్, న్యూట్రల్ వైర్ల కన్నా అయిదు సెంటీమీటర్లు పొడుగ్గా వదిలితే, ఎవరైనా కేబుల్ లాగినా ఆఖరున ఊడేది ఎర్త్ అవుతుంది.

న్యూట్రల్ విషయంలో రెండు నిషేధాలు. ఇంట్లో ఎర్త్ సరిగా లేదని పెట్టెలో న్యూట్రల్‌ను ఎర్త్ బోల్టుకు కలపకూడదు. లైనులో న్యూట్రల్ తెగిన రోజు పెట్టె మొత్తం ఫేజ్ అయి కూర్చుంటుంది. అలాగే న్యూట్రల్ అందలేదని ఏ పరికరానికీ రెండో కొసను ఎర్త్‌కు ఇవ్వకూడదు. కాంటాక్టరు కాయిల్‌ను ఇలా కలిపి, ఆర్‌సీసీబీ ఊరికే పడుతోందని తిట్టుకునేవాళ్లున్నారు. చిన్న కాంటాక్టరు కాయిల్ కూడా పట్టి ఉంచడానికే 30 మిల్లీఆంపియర్లకు అటూ ఇటూ తీసుకుంటుంది, లాగేటప్పుడు అంతకు చాలా రెట్లు. ఆర్‌సీసీబీ తన పని తాను చేస్తోంది, అంతే.

ఇప్పుడు పరీక్షలు. సరఫరా పూర్తిగా ఆపి, ఆర్‌సీసీబీ కింది టెర్మినళ్ల నుంచి పెట్టెకు వెళ్లే ఫేజ్, న్యూట్రల్ వైర్లను విప్పండి. మల్టీమీటరును ఓమ్‌ల మీద పెట్టి, రెండు ప్రోబ్‌లను ఒకదానికొకటి తాకించి వచ్చే అంకె రాసుకోండి. ఉదాహరణకు 0.3. తర్వాత ఎన్‌క్లోజర్‌లోని ఎర్త్ టెర్మినల్ నుంచి పెట్టె దూరపు మూలలో ఉన్న స్క్రూకు, తలుపుకు, ప్లేటుకు, మోటారు బాడీ బోల్టుకు విడివిడిగా కొలవండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 8 మీటర్లకు 0.06 ఓమ్ మాత్రమే. కాబట్టి ప్రతిచోటా 0.3 లేదా 0.4 రావాలి. తలుపు దగ్గర 1.8 వచ్చి, తలుపు ఆడిస్తే అంకె మారుతుంటే అక్కడ రంగు గీకలేదనో లగ్గు వదులనో అర్థం. అయితే ఒక్క పోగు మీద నిలిచిన వైరును కూడా మల్టీమీటరు బాగుందనే చెబుతుంది. అందుకే ప్రతి లగ్గునూ చేత్తో గట్టిగా లాగి చూడండి.

రెండోది ఇన్సులేషన్. పెట్టె వైపు ఫేజ్, న్యూట్రల్ కొసలను ఒకదానికొకటి కలిపి, వాటికీ ఎర్త్‌కూ మధ్య 500 వోల్టుల మెగ్గర్‌తో కొలవండి. రెండూ కలిపితే టైమరు లోపలి భాగాల గుండా 500 వోల్టులు పడవు. కాంటాక్టరును చేత్తో నొక్కి పట్టుకోవడం మరిచిపోవద్దు. లేకపోతే కాంటాక్టుల అవతలి వైర్లూ మోటారు వైండింగూ పరీక్షలోకి రావు. కొత్త వైరింగ్‌కు పదుల మెగాఓమ్‌లు రావాలి. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ వస్తే కరెంటు ఇవ్వొద్దు, మోటారు వైర్లు విప్పి మళ్లీ కొలవండి. అప్పుడు అంకె పెరిగితే తేమ మోటారులో ఉంది, పెరగకపోతే తప్పు పెట్టెలో ఉంది.

రెండూ సరిగా వచ్చాక వైర్లు తిరిగి బిగించి సరఫరా ఇచ్చి, ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కండి. పడాలి. కానీ ఆ బటన్ పరికరం లోపలి రెసిస్టరు ద్వారానే తేడా సృష్టిస్తుంది. ఎర్త్ వైరు అసలు లేకపోయినా ఆర్‌సీసీబీ పడుతుంది. ఎర్త్ గురించి అది మీకేమీ చెప్పదు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల బల్బు వెలిగించి చూసే అలవాటు కొందరికుంది. ఎర్త్ చెడి ఉంటే ఆ బల్బు ద్వారా ఇంట్లోని ఇనుప వస్తువులన్నిటి మీదికీ వోల్టేజీ వస్తుంది కాబట్టి ఆ పని వద్దు. ఆర్‌సీసీబీ టెస్టరున్న ఎలక్ట్రీషియన్ చేత కొలిపించండి: 15 మిల్లీఆంపియర్లకు పడకూడదు, 30కి 300 మిల్లీసెకన్లలోపు పడాలి. గుంత నిరోధం కూడా అప్పుడే కొలిపించి పెట్టె లోపల రాసి అంటించండి.

వాడుకలో ఆర్‌సీసీబీ పడుతుంటే ఎప్పుడు పడుతోందో గమనించండి. ఆన్ చేయగానే పడితే ఫేజ్ ఎక్కడో ఎర్త్‌కు తగులుతోంది. ఖాళీగా నిలిచి, మోటారు తిరగగానే పడితే అనుమానం రెండింటి మీద: మోటారు వైండింగ్ లీకేజీ, లేదా న్యూట్రల్ ఎర్త్‌కు తగలడం. రెండోది తొందరగా తట్టదు. మోటారు తీసుకునే 6 ఆంపియర్లలో అర శాతం న్యూట్రల్ నుంచి జారి ఎర్త్ దారి పట్టినా 30 మిల్లీఆంపియర్లవుతుంది. మెగ్గర్ పరీక్షలో ఫేజ్, న్యూట్రల్‌లను విడదీసి ఒక్కోటీ ఎర్త్‌తో కొలిస్తే ఇది బయటపడుతుంది. ఈసారి వాటి మధ్య ఉన్న టైమరును, మోటారు వైర్లను ముందుగా విప్పి పక్కన పెట్టండి. వానాకాలంలో మాత్రమే పడితే సంపులోని ఫ్లోట్ స్విచ్ కేబుల్‌ను చూడండి. నీళ్లలో 230 వోల్టులు ఉంచకుండా దాన్ని 24 వోల్టుల మీద నడిపే వైరింగ్ 5వ పాఠంలో ఉంటుంది.